ఎంఓఎఫ్‌లలో గ్యాస్ అడ్జార్ప్షన్ పేపర్: రివ్యూయర్లకు జవాబు రాసేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌ల మీద, అంటే ఎంఓఎఫ్‌ల మీద పనిచేసే స్కాలర్లు తిరుపతిలో చాలామందే ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీలో ఉన్నారు, ఏర్పేడు వైపున్న ఐఐటీ, ఐజర్‌లలో ఉన్నారు, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేసేవాళ్లూ ఉన్నారు. పేపర్ పంపాక రివ్యూయర్ల నుంచి వచ్చే కామెంట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి గురించి నన్ను అడిగే డౌట్లూ అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణల్లోని అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి, ఏ పేపర్‌లోంచీ తీసుకోలేదు.

## మెయిల్ వచ్చిన రోజు

మేజర్ రివిజన్ వచ్చింది. రెండో రివ్యూయర్ చాలా కామెంట్లు పెట్టారు. దేనితో మొదలుపెట్టాలి?

ముందు సాంపిల్ బరువు ఎలా తీసుకున్నారో చూడండి. ఆ కామెంట్ ఎవరూ పెట్టకపోయినా సరే. అడ్జార్ప్షన్ పేపర్‌లో గ్రాముకు ఇంత అని రాసిన ప్రతి అంకె కిందా ఆ బరువే ఉంటుంది. అది పది శాతం తప్పితే బీఈటీ వైశాల్యం, CO₂ ఎంత పట్టింది, N₂ ఎంత పట్టింది అన్నవన్నీ పది శాతం తప్పుతాయి. అదే సాంపిల్ మీద రెండు గ్యాసులూ కొలిచి ఉంటే సెలెక్టివిటీ మాత్రం మారదు, ఎందుకంటే అది నిష్పత్తి. ఈ సంగతి ముందే తెలుసుకుంటే ఏ టేబుల్ మార్చాలో, ఏది ముట్టుకోనక్కర్లేదో తేలిపోతుంది.

తర్వాత కామెంట్లను మూడు కుప్పలు చేయండి. ఉన్న డేటాతోనే మళ్లీ లెక్క కట్టగలిగేవి ఒకటి, కొత్తగా కొలవాల్సినవి రెండోది, వాక్యం మారిస్తే సరిపోయేవి మూడోది. మొదటి కుప్పతో మొదలుపెట్టండి. వాక్యాలు ముందు దిద్దుకుంటే, లెక్క మారాక అబ్‌స్ట్రాక్ట్‌ నుంచి కన్‌క్లూజన్ దాకా మళ్లీ దిద్దుకోవాల్సి వస్తుంది.

సాంపిల్ బయట కొలిపించాం. మా దగ్గర పీడీఎఫ్ రిపోర్ట్ ఒక్కటే ఉంది. అది చాలదా?

చాలదు. రివ్యూయర్ అడిగే ప్రశ్నల్లో సగానికి ఆ పీడీఎఫ్‌లో జవాబు ఉండదు. మన దగ్గర గ్యాస్ అడ్జార్ప్షన్ ఎనలైజర్ లేనివాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో సాంపిల్ పంపుతారు, గ్రాఫూ ఒక వైశాల్యం అంకే తిరిగి వస్తాయి. కొలిచినవాళ్లకు ఈరోజే మెయిల్ పెట్టి ఇవి అడగండి: ప్రతి పాయింట్ దగ్గర పీడనం, ఎంత గ్యాస్ పట్టింది అనే పట్టిక, p0 విలువ, డీగ్యాస్‌కు ముందు బరువు, తర్వాత బరువు, డీగ్యాస్ ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు చేశారు. మెషీన్‌లో పాత ఫైళ్లు ఎప్పటికీ అలాగే ఉండిపోవు. ఆలస్యం చేస్తే మళ్లీ కొలిపించడం తప్ప దారి ఉండదు.

## బీఈటీ వైశాల్యం మీద వచ్చే కామెంట్లు

"బీఈటీకి ఈ పీడన పరిధిని ఎందుకు ఎంచుకున్నారు?" అని అడిగారు. మెషీన్ ఇచ్చిందే రాశాం. ఇప్పుడేం చెప్పాలి?

మెషీన్ ఇచ్చింది అన్నది జవాబు కాదు. చాలా సాఫ్ట్‌వేర్‌లు అలవాటుగా p/p0 0.05 నుంచి 0.30 వరకు తీసుకుంటాయి. సిలికా, అల్యూమినా లాంటి పెద్ద రంధ్రాల పదార్థాలకు కుదిరిన పరిధి అది. ఎంఓఎఫ్‌లలో చాలావాటికి రంధ్రాలు రెండు నానోమీటర్ల లోపే ఉంటాయి. అవి p/p0 0.05 చేరకముందే దాదాపు నిండిపోతాయి. నిండిపోయాక తీసుకున్న పాయింట్లతో బీఈటీ గీత గీస్తే దానికి అర్థం ఉండదు.

ఐయూపాక్ 2015 నివేదిక ఇలాంటి పదార్థాలకు రూకెరోల్ ప్రమాణాలు వాడమని చెప్పింది. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. UiO-66-NH2 సాంపిల్‌కు 77 K దగ్గర N₂ ఐసోథర్మ్‌లో ఏడు పాయింట్లు ఉన్నాయనుకోండి. x అంటే p/p0, n అంటే గ్రాముకు పట్టిన మిల్లీమోల్స్.

```python
x = [0.005, 0.01, 0.02, 0.03, 0.05, 0.10, 0.30]
n = [10.0, 10.4, 10.7, 10.82, 10.95, 11.15, 11.5]
for xi, ni in zip(x, n):
    print(xi, round(ni*(1-xi), 2))
```

ఇది n(1−x) విలువలను ఇస్తుంది. 0.005 దగ్గర 9.95, ఆ తర్వాత 10.3, 10.49, 0.03 దగ్గర దాదాపు 10.5. అక్కడి నుంచి దిగడం మొదలై 0.05 దగ్గర 10.4కి, 0.30 దగ్గర 8.05కి పడిపోతుంది. మొదటి ప్రమాణం ఇదే: ఈ విలువ పెరుగుతున్నంత వరకే బీఈటీ పాయింట్లు తీసుకోవాలి. అంటే ఇక్కడ 0.03 దాటకూడదు. మెషీన్ తీసుకున్న 0.05 నుంచి 0.30 పరిధి మొత్తం దిగే వైపే ఉంది.

ఇప్పుడు రెండు పరిధులతోనూ లెక్క కడదాం. బీఈటీ గీత కోసం నిలువు అక్షం మీద x/(n(1−x)), అడ్డ అక్షం మీద x పెట్టాలి. 0.05, 0.10, 0.30 పాయింట్లతో గీస్తే ఆ గీత నిలువు అక్షాన్ని సున్నాకు కింద తాకుతుంది. దాంతో C విలువ రుణాత్మకం అవుతుంది, సుమారు −50. వైశాల్యం గ్రాముకు 750 చదరపు మీటర్ల చుట్టూ వస్తుంది. C రుణాత్మకం కావడానికి వీల్లేదు, అది రెండో ప్రమాణం. రిపోర్ట్‌లో C పక్కన మైనస్ గుర్తు కనిపిస్తే ఆ వైశాల్యాన్ని పేపర్‌లో పెట్టకూడదు.

0.005, 0.01, 0.02 పాయింట్లతో గీస్తే C సుమారు 2700, ఏకపొర సామర్థ్యం గ్రాముకు 10.67 మిల్లీమోల్స్ వస్తాయి. నైట్రోజన్ అణువు ఒక్కొక్కటి 0.162 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తుందని తీసుకుంటే, గ్రాముకు ఒక మిల్లీమోల్ అంటే 97.6 చదరపు మీటర్లు. కాబట్టి వైశాల్యం సుమారు 1040. ఇక మిగిలిన రెండు ప్రమాణాలు. 10.67 మిల్లీమోల్స్ ఐసోథర్మ్ మీద ఎక్కడ పడుతుందో చూస్తే x = 0.019 దగ్గర. అది మనం తీసుకున్న పరిధి లోపలే ఉంది. 1/(√C+1) లెక్క కడితే కూడా 0.019 వస్తుంది. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఉన్నాయి.

ఒకే ఐసోథర్మ్, ఒకే సాంపిల్. పరిధి మారినందుకే 750 కాస్తా 1040 అయింది. రివ్యూయర్ ఎందుకు అడిగారో ఈ అంకెలే చెబుతాయి. జవాబులో తీసుకున్న పరిధి, C విలువ, నాలుగు ప్రమాణాలూ ఎలా నెగ్గాయో రెండు మూడు వాక్యాల్లో రాయండి. n(1−x) గ్రాఫూ బీఈటీ గీతా సప్లిమెంటరీలో పెట్టండి. తక్కువ పీడనం దగ్గర పాయింట్లు రెండు మూడే ఉంటే గీత నమ్మదగ్గది కాదు. అప్పుడు ఆ భాగాన్ని ఎక్కువ పాయింట్లతో మళ్లీ కొలవాలి.

మళ్లీ లెక్క కడితే వైశాల్యం బాగా పెరిగింది. రివిజన్‌లో అంకె మారిస్తే అనుమానించరా?

పాత అంకె, కొత్త అంకె, మారడానికి కారణం మూడూ ఒకే పేరాలో చెబితే అనుమానించరు. చెప్పకుండా టేబుల్‌లో మార్చేస్తే కచ్చితంగా అనుమానిస్తారు. జవాబు సారం ఇలా ఉంటే చాలు: "మొదటి ప్రతిలో సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ పరిధి వాడాం. ఆ పరిధిలో C రుణాత్మకం. రూకెరోల్ ప్రమాణాల ప్రకారం పరిధి మార్చి తిరిగి లెక్కించాం. కొలిచిన డేటా మారలేదు." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఐసోథర్మ్ అదే, దాని మీద చేసిన లెక్క మాత్రమే మారిందని రివ్యూయర్‌కు తెలియాలి.

ఇది మీ ఒక్కరికే ఎదురైన సంగతి కాదు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే ఐసోథర్మ్‌లను 61 ల్యాబ్‌లకు ఇచ్చి బీఈటీ వైశాల్యం కట్టమంటే జవాబుల్లో పెద్ద తేడాలు వచ్చాయి. పరిధిని మనిషి చేత కాకుండా పద్ధతి ప్రకారం ఎంచుకునే BETSI అనే ప్రోగ్రామ్ ఆ పని నుంచే వచ్చింది. మీ డేటాను దాంట్లో కూడా వేసి, ఆ ఫలితాన్ని పక్కన పెడితే జవాబు ఇంకా గట్టిగా ఉంటుంది.

రివ్యూయరే 0.05 నుంచి 0.30 వాడమంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోనక్కర్లేదు. కానీ "మీరు పొరబడ్డారు" అని రాయకండి. వాళ్లు అడిగిన పరిధిలో కూడా లెక్క కట్టి, ఆ గీతను చూపించండి. C రుణాత్మకంగా వచ్చిందని, n(1−p/p0) ఆ పరిధిలో తగ్గుతోందని, అందుకే ఐయూపాక్ 2015 సూచన ప్రకారం తక్కువ పీడనం వైపు పరిధిని ఉంచామని చెప్పండి. గ్రాఫ్ చూశాక ఎడిటర్‌కు కూడా విషయం అర్థమవుతుంది. మీ ఎంఓఎఫ్‌కు పెద్ద రంధ్రాలుండి, 0.05 పైన కూడా నాలుగు ప్రమాణాలూ నెగ్గితే రివ్యూయర్ మాటే సరైనది. అప్పుడు వెంటనే మార్చేయండి.

ఇదే ఎంఓఎఫ్‌కు పాత పేపర్లలో ఉన్న వైశాల్యం కంటే మాది చాలా తక్కువ. "యాక్టివేషన్ పూర్తి కాలేదు" అంటున్నారు. ఎలా తేల్చాలి?

ముందు బరువు ఎప్పుడు తీసుకున్నారో చూడండి. డీగ్యాస్‌కు ముందు 60 మిల్లీగ్రాములు తూచి, తర్వాత మళ్లీ తూచలేదనుకోండి. రంధ్రాల్లోని ద్రావకం, నీరు పోయాక అసలు పదార్థం 48 మిల్లీగ్రాములే ఉంటే వైశాల్యం అయిదో వంతు తక్కువగా కనిపిస్తుంది. యాక్టివేషన్ బాగానే జరిగి ఉంటుంది, భాగించిన బరువు మాత్రమే తప్పు. ట్యూబ్‌ను ఖాళీగా తూచి, డీగ్యాస్ అయ్యాక అదే గ్యాస్ నింపి, అదే మూతతో మళ్లీ తూచాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమలో మూత తీసి తూచితే, యాక్టివేట్ చేసిన ఎంఓఎఫ్ తూచేలోపే నీరు పట్టేస్తుంది. తక్కెడ మీద అంకె నిలబడకుండా పైకి పాకుతుంటే కారణం అదే.

బరువు సరిగ్గానే ఉంటే లోపల ద్రావకం మిగిలిందా అని చూడాలి. UiO-66 రకాలను డీఎంఎఫ్‌లో చేస్తారు. అది తొందరగా వదలదు. యాక్టివేట్ చేసిన సాంపిల్‌కు ఐఆర్ తీస్తే 1660 cm⁻¹ దగ్గర డీఎంఎఫ్ కార్బొనిల్ పీక్ ఇంకా ఉందంటే మెథనాల్‌తో మరికొన్నిసార్లు మార్చి, వాక్యూమ్‌లో 120 °C దగ్గర రాత్రంతా ఉంచి మళ్లీ కొలవండి. రాగితో చేసే HKUST-1 అయితే రంగే చెబుతుంది. లేత నీలం నుంచి ముదురు ఊదా నీలానికి మారకపోతే రాగి మీద నీరు ఇంకా ఉన్నట్టే.

ఈ రెండూ సరిగా ఉన్నా వైశాల్యం తక్కువే వస్తే, ఫ్రేమ్‌వర్క్ కొంత కూలి ఉండవచ్చు. కొలిచిన తర్వాత అదే సాంపిల్‌కు ఎక్స్‌ఆర్‌డీ తీసి పీకులు వెడల్పయ్యాయేమో చూడండి. సింథసిస్ అయ్యాక తీసిన ఎక్స్‌ఆర్‌డీ ఈ ప్రశ్నకు పనికిరాదు.

మాది పాత పేపర్ల కంటే ఎక్కువ వచ్చింది. దానికీ కామెంట్ పెట్టారు!

UiO-66 కుటుంబంలో ఇది మామూలే. లింకర్లు కొన్ని లేకుండా ఏర్పడితే వైశాల్యం పెరుగుతుంది. రివ్యూయర్ అడిగేది ఆ లోపాలు ఎన్ని అని. గాలిలో టీజీఏ తీసి, చివర మిగిలే ZrO₂ను 100గా తీసుకోండి. ద్రావకం, నీరు పోయాక, లింకర్ కాలకముందు, లోపాలు లేని UiO-66 బరువు 220 దగ్గర ఉండాలి. మీది 200 దగ్గర ఉంటే లింకర్లు తక్కువున్నాయని అర్థం. అమైనో లింకర్ ఉన్న పదార్థానికి ఈ 220 వర్తించదు. లింకర్ బరువు వేరు కాబట్టి దాని ఫార్ములాతో కొత్తగా కట్టుకోవాలి.

రంధ్రాల సైజుకు బీజేహెచ్ వాడామని తప్పుపట్టారు. మార్చాలా?

మార్చాలి. బీజేహెచ్ మీసోపోర్లకు చేసిన పద్ధతి. రెండు నానోమీటర్ల లోపు రంధ్రాలకు అది తప్పు సైజు చూపిస్తుంది. ఎన్‌ఎల్‌డీఎఫ్‌టీ వాడి, ఏ కెర్నెల్ తీసుకున్నారో పేరు రాయండి. ఇందులో వాదించడానికేమీ లేదు.

## అడ్జార్ప్షన్ వేడి మీద వచ్చే కామెంట్లు

Qstను రెండు ఉష్ణోగ్రతలతో కట్టాం. మూడోది కావాలంటున్నారు. అంత అవసరమా?

చాలాసార్లు అవసరమే. 273 K, 298 K అనే రెండింటితో క్లాసియస్-క్లాపెరాన్ లెక్క కడితే, Qst అంటే 27.1ని ln(p2/p1)తో గుణించడమే, kJ/molలో. 0.5 మిల్లీమోల్ పట్టడానికి 273 K దగ్గర 2.0 కిలోపాస్కల్స్, 298 K దగ్గర 6.0 కిలోపాస్కల్స్ కావాలనుకోండి. ln 3 అంటే 1.099, కాబట్టి Qst 29.8 వస్తుంది. ఇప్పుడు ఆ 2.0లో 0.1 మాత్రమే తేడా ఉందనుకోండి. Qst దాదాపు 1.4 మారిపోతుంది. తక్కువ పీడనం దగ్గర ఆ మాత్రం తేడా రావడం వింతేమీ కాదు. రెండే పాయింట్ల గుండా గీత ఎప్పుడూ ఖచ్చితంగా వెళుతుంది కాబట్టి, ఆ తప్పు ఉందో లేదో కనిపించనే కనిపించదు. మూడో ఉష్ణోగ్రత కొలిస్తే కనిపిస్తుంది.

మధ్యలో 283 K అయినా, పైన 313 K అయినా ఫరవాలేదు. నాకైతే 313 K మేలనిపిస్తుంది, ఉష్ణోగ్రతల మధ్య దూరం పెరిగితే తప్పు ప్రభావం తగ్గుతుంది కాబట్టి. నిజంగా కొలవడం కుదరకపోతే, Qstని 29.75 అని కాకుండా "సుమారు 30" అని రాసి, పొరపాటు అవకాశం ఎంతో లెక్కకట్టి పక్కన పెట్టండి. అప్పుడు చాలామంది రివ్యూయర్లు సరేనంటారు.

"298 K ఎలా స్థిరంగా ఉంచారు?" అని అడిగారు. ఇంత చిన్న ప్రశ్న ఎందుకు?

ఇది చిన్న ప్రశ్న కాదు. మన ఊళ్లో చాలా పేపర్లు ఇక్కడే దెబ్బతింటాయి. 298 K అంటే 25 °C. తిరుపతిలో మే నెలలో ఏసీ లేని గదిలో 25 °C ఎక్కడుంటుంది? ఐసోథర్మ్‌ను సర్క్యులేటర్ లేకుండా "రూమ్ టెంపరేచర్"లో తీసి 298 K అని రాస్తే ఏమవుతుందో చూద్దాం.

అసలు Qst 30 kJ/mol అనుకోండి. మంచు నీళ్లలో తీసిన 273 K ఐసోథర్మ్ సరిగానే ఉంది. రెండోది నిజానికి 33 °C దగ్గర, అంటే 306 K దగ్గర తీశారు. ఒకే పరిమాణం పట్టడానికి కావలసిన పీడనాల నిష్పత్తి లాగరిథమ్ 1.42 వస్తుంది. దాన్ని 298 K అనుకుని లెక్కలో వేస్తే 27.1 × 1.42, అంటే దాదాపు 38.5. ముప్పై కాస్తా ముప్పై ఎనిమిది దాటింది! అమైన్ గ్రూపు వల్ల CO₂ గట్టిగా అంటుకుంటోందని దాని మీద ఒక పేరా రాస్తే, ఆ పేరాకు ఆధారం గది వేడి తప్ప ఇంకేమీ కాదు.

కాబట్టి ఏ బాత్ వాడారు, ఉష్ణోగ్రత సాంపిల్ పక్కన కొలిచారా లేక సర్క్యులేటర్ తెర మీద చూశారా, ఎంత అటూ ఇటూ ఊగింది అన్నవి రాయండి. సర్క్యులేటర్ లేకుండా తీసి ఉంటే ఆ ఐసోథర్మ్ మళ్లీ తీయాల్సిందే. గదిలో థర్మామీటర్ పెట్టి ఉష్ణోగ్రత రాసుకుని ఉంటే, ఆ నిజమైన విలువతో లెక్క కట్టవచ్చు, కానీ కొలత మధ్యలో అది మారలేదని చూపగలగాలి.

మా Qst గ్రాఫ్ చివర్లో పైకి లేస్తోంది. రివ్యూయర్ "దీనికి కారణం ఏమిటి?" అన్నారు. CO₂ అణువుల మధ్య ఆకర్షణ అని రాయొచ్చా?

ముందు అది నిజమో, వైరియల్ ఫిట్ సృష్టించిందో తేల్చండి. వైరియల్ సమీకరణంలో గుణకాలు ఎక్కువ వేస్తే గీత డేటా లోపల చక్కగా కూర్చుంటుంది, చివర్లో ఇష్టమొచ్చినట్టు వంగుతుంది. రెండు పనులు చేయండి. గుణకాలు ఒకటి తగ్గించి మళ్లీ ఫిట్ చేయండి. గ్రాఫ్‌ను రెండు ఉష్ణోగ్రతల దగ్గరా నిజంగా కొలిచిన పరిమాణం వరకే ఆపండి. 298 K దగ్గర 2 మిల్లీమోల్స్ వరకే కొలిచి, 273 K డేటా ఉంది కదా అని 4 వరకు Qst గీస్తే రెండో సగం ఊహే. ఈ రెండూ చేశాక కూడా పెరుగుదల అలాగే ఉంటే అప్పుడు అణువుల ఆకర్షణ గురించి మాట్లాడవచ్చు. ఫిట్ గీతలను ఐసోథర్మ్ పాయింట్ల మీద వేసి, గుణకాల పట్టికతో సహా సప్లిమెంటరీలో పెట్టండి.

## సెలెక్టివిటీ, కొత్త ప్రయోగాలు

ఐఏఎస్‌టీ సెలెక్టివిటీ 31.48 అని రాశాం. "ఎర్రర్ ఎంత?" అన్నారు. ఐఏఎస్‌టీకి ఎర్రర్ ఏముంటుంది?

ఐఏఎస్‌టీ లెక్కకు ఉండదు, దానికి ఇచ్చిన నైట్రోజన్ డేటాకు ఉంటుంది. 298 K దగ్గర చాలా ఎంఓఎఫ్‌లు నైట్రోజన్‌ను చాలా కొద్దిగా పడతాయి. 15 శాతం CO₂, 85 శాతం N₂ మిశ్రమం, మొత్తం ఒక బార్ అనుకోండి. CO₂ 0.15 బార్ దగ్గర 1.0 మిల్లీమోల్, N₂ 0.85 బార్ దగ్గర 0.18 మిల్లీమోల్ పట్టాయి. ఐఏఎస్‌టీ లేకుండా విడి ఐసోథర్మ్‌లతో నేరుగా నిష్పత్తి కడితే 31.5 వస్తుంది. నైట్రోజన్ విలువలో 0.03 మిల్లీమోల్ తేడా ఉంటే అది 27కు దిగవచ్చు, 38కి ఎక్కవచ్చు. సాంపిల్ 30 మిల్లీగ్రాములే వేసి ఉంటే ఆ తేడా రావడం పెద్ద విషయం కాదు.

అందుకే "31.48" కాదు, "సుమారు 30" అనాలి. మంచి దారి ఏమిటంటే నైట్రోజన్ ఐసోథర్మ్‌ను 100 మిల్లీగ్రాములకు పైగా సాంపిల్‌తో, కనీసం రెండుసార్లు తీసి, రెండింటితోనూ ఐఏఎస్‌టీ కట్టి ఆ పరిధిని రాయడం. మీ టేబుల్‌లో మీ ఎంఓఎఫ్ 31, వేరే పేపర్‌లోది 28 అని ఉండి, "మాది మెరుగైనది" అని రాసి ఉంటే ఆ మాట తీసేయండి.

బ్రేక్‌త్రూ ప్రయోగం చేయమన్నారు. మా దగ్గర సెటప్ లేదు. పేపర్ పోయినట్టేనా?

పోదు, కానీ పేపర్‌లో చెప్పిన మాటను తగ్గించాలి. టైటిల్‌లోనో అబ్‌స్ట్రాక్ట్‌లోనో పొగగొట్టం గ్యాసులోంచి CO₂ వేరు చేస్తుందని రాసి ఉంటే రివ్యూయర్ బ్రేక్‌త్రూ అడగడం న్యాయమే. విడివిడిగా తీసిన రెండు ఐసోథర్మ్‌లు సమతాస్థితిలో ఏది ఎక్కువ పడుతుందో చెబుతాయి. గ్యాసు పారుతున్నప్పుడు ఎంత తొందరగా పడుతుందో చెప్పవు. దాన్ని "ఏకగ్యాసు సమతాస్థితి కొలతల ప్రకారం CO₂ను ఇష్టపడుతుంది" అనే స్థాయికి తేండి. మార్చిన వాక్యాన్ని జవాబులోనే చూపించండి.

దానికి బదులు మీరు చేయగలిగిన ప్రయోగం ఒకటి ఇవ్వండి. అదే సాంపిల్‌ను మళ్లీ యాక్టివేట్ చేస్తూ CO₂ ఐసోథర్మ్‌ను అయిదుసార్లు తీస్తే పదార్థం తిరిగి వాడుకోవచ్చో లేదో తెలుస్తుంది. దానికి కొత్త సెటప్ అక్కర్లేదు. చేయలేని ప్రయోగాన్ని "భవిష్యత్తులో చేస్తాం" అని మాత్రమే రాసి వదిలేస్తే రివ్యూయర్ ఒప్పుకోరు. ఎందుకంటే మాట తగ్గలేదు, ఆధారమూ పెరగలేదు.

తేమ గురించి అడిగారు. పొడి గ్యాసుతోనే కొలిచాం.

పొడి గ్యాసుతోనే కొలిచామని ఒప్పుకుని రాయండి. పొగగొట్టం గ్యాసులో నీటి ఆవిరి తప్పకుండా ఉంటుంది. రాగి కొసలు తెరిచి ఉన్న HKUST-1 లాంటివి CO₂ కంటే నీటినే ముందు పడతాయి, కాలం గడిస్తే పాడవుతాయి కూడా. జిర్కోనియం ఆధారిత UiO-66 నీటికి తట్టుకుంటుంది, అయినా రంధ్రాల్లో చోటు నీరే తీసుకోవచ్చు. సాంపిల్‌ను తేమగాలిలో కొన్ని రోజులు ఉంచి, మళ్లీ యాక్టివేట్ చేసి N₂ ఐసోథర్మ్, ఎక్స్‌ఆర్‌డీ తీస్తే పదార్థం నిలబడిందని చూపవచ్చు. తేమ ఉన్నప్పుడు CO₂ ఎంత పడుతుందన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. రెండింటినీ కలిపేయకండి.

## రాసి పంపేటప్పుడు

జవాబు ఏ రూపంలో ఉండాలి?

రివ్యూయర్ కామెంట్ మొత్తం, కింద మీ జవాబు, దాని కింద పేపర్‌లో మారిన వాక్యం, పేజీ, లైన్ నంబర్లతో. కామెంట్‌ను కుదించి రాయకండి. ఒకే కామెంట్‌లో బీఈటీ, Qst, సెలెక్టివిటీ మూడూ అడిగితే మూడు ముక్కలు చేసి విడివిడిగా చెప్పండి, లేకపోతే ఒకటి తప్పిపోతుంది. జవాబు మొదటి వాక్యంలోనే ఏం చేశారో ఉండాలి: మళ్లీ కొలిచాం, మళ్లీ లెక్కించాం, వాక్యం మార్చాం, లేదా ఈ కారణంగా మార్చలేదు. కృతజ్ఞతలు ప్రతి కామెంట్‌కూ అక్కర్లేదు, మొదట్లో ఒక్కసారి చాలు.

ఒక రివ్యూయర్ బీఈటీ గ్రాఫులు మెయిన్ పేపర్‌లో పెట్టమన్నారు, ఇంకొకరు తీసేయమన్నారు. ఎవరి మాట వినాలి?

అంకె, పరిధి, C విలువ మెయిన్ పేపర్‌లో, గ్రాఫులు సప్లిమెంటరీలో. ఇద్దరికీ ఇదే చెప్పండి. రెండో రివ్యూయర్ వేరేగా అడిగారన్న సంగతిని ఎడిటర్‌కు రాసే లేఖలో ప్రస్తావించండి.

గడువు సరిపోదు. ఇంకో నెల అడిగితే తిరస్కరిస్తారా?

ఏ ఐసోథర్మ్‌లు మళ్లీ తీయాలో, ఎనలైజర్ స్లాట్ ఎప్పుడు దొరికిందో రాసి, గడువు అయిపోకముందే అడిగితే చాలావరకు ఇస్తారు. ఎంత కాలం అవసరమో లెక్క కట్టేటప్పుడు యాక్టివేషన్‌ను మర్చిపోకండి. ఒక్క సాంపిల్‌కు డీగ్యాస్ ఒక రాత్రి, 77 K దగ్గర తక్కువ పీడనం పాయింట్లతో నైట్రోజన్ ఐసోథర్మ్ ఇంకో రోజు, తర్వాత CO₂ ఒక్కో ఉష్ణోగ్రతకూ విడిగా టైమ్ పడుతుంది. మధ్యలో కరెంటు పోయి ద్రవ నైట్రోజన్ మట్టం తగ్గితే ఆ రన్ పోయినట్టే.

రా డేటా కూడా ఇమ్మన్నారు. ఎక్సెల్ పెడితే చాలా?

చాలు, కానీ ఏఐఎఫ్ ఫార్మాట్‌లో ఇస్తే ఇంకా మంచిది. అడ్జార్ప్షన్ డేటా కోసమే చేసిన టెక్స్ట్ ఫైల్ అది. పీడనం, పట్టిన పరిమాణంతో పాటు సాంపిల్ బరువు, ఉష్ణోగ్రత, యాక్టివేషన్ వివరాలూ అందులోనే ఉంటాయి. ఎక్సెల్ పెడితే యూనిట్లు ప్రతి కాలమ్ మీదా రాయండి. cm³/g అని మాత్రమే రాస్తే అది ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం దగ్గరి ఘనపరిమాణమో తెలియదు. 273.15 K, ఒక అట్మాస్ఫియర్ అయితే మోల్‌కు 22.414 లీటర్లు, ఒక బార్ అయితే 22.711 లీటర్లు. వీలైతే mmol/gలోనే ఇవ్వండి. అడ్జార్ప్షన్, డిజార్ప్షన్ రెండు శాఖలూ పెట్టండి, డిజార్ప్షన్ శాఖ వదిలేసి పంపితే మళ్లీ ఒక కామెంట్ వస్తుంది.